ఏకగ్రీవమని రాసిన సభ

"గ్రామ శివారులోని ప్రభుత్వ స్థలంలో డంపింగ్ యార్డు ఏర్పాటు చేయుటకు సభ చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఈ వాక్యం నేను రాసిందే. 2019 సెప్టెంబరులో తెలంగాణ పల్లెల్లో 30 రోజుల ప్రణాళిక మొదలైంది. తర్వాత దాన్నే పల్లె ప్రగతి అన్నారు. ప్రతి ఊరికీ డంపింగ్ యార్డు, వైకుంఠధామం, నర్సరీ కావాలన్నారు, వాటికి స్థలాలు గ్రామసభలోనే తేల్చాలన్నారు. ఆ ఏడాదే జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా ఉద్యోగంలో చేరాను. ఇంటి పన్ను రసీదు ఎట్లా రాయాలో, జనన ధ్రువపత్రం ఎట్లా ఇవ్వాలో ఎవరో ఒకరు చెప్పారు. మినిట్స్ ఎట్లా రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పక్క ఊరి పాత పుస్తకం తెచ్చుకుని అందులోని భాషను దించేశాను. అందులో అన్నీ "తీర్మానించడమైనది"లే. ఎవరు అడిగారు, ఎవరు కాదన్నారు, ఎవరు చేయాలి అన్నది ఎక్కడా కనిపించని భాష అది. అప్పుడు అదే సరైన ఆఫీసు భాష అనుకున్నాను.

సభలో జరిగింది వేరు. మా ఊళ్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమి రెండు చోట్ల ఉంది. ఒకటి గుట్ట కింద, రెండోది వాగు దారిలో. వాగు దారి ముక్కను ఆనుకుని రైతుల బావులు, బోర్లు ఉన్నాయి. అందుకని ఎక్కువమంది గుట్ట కిందే పెట్టమన్నారు. గుట్ట వైపు జీవాలను మేపుకునే కురుమలు కొందరు లేచి, అక్కడ ప్లాస్టిక్ కవర్లు గొర్లు తింటాయని అడ్డం చెప్పారు. కాసేపు గొడవైంది. చివరికి సర్పంచ్, గుట్ట కిందే ఖాయమన్నాడు. సగం మంది అప్పటికే లేచిపోతున్నారు. నేను చిత్తు కాగితం మీద రెండు ముక్కలు గీసుకుని, రెండు రోజుల తర్వాత ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఆ వాక్యం రాశాను. సర్వే నంబరు వేయలేదు. గుట్ట అన్న మాట లేదు. కురుమల అభ్యంతరం లేదు. గొడవ రాస్తే పుస్తకం అసహ్యంగా ఉంటుందనిపించింది.

తర్వాత ఉపాధి హామీ టెక్నికల్ అసిస్టెంట్ వచ్చి గుట్ట కింద చూశాడు. కింద బండ ఉందని, గుంతలు తవ్వడం కష్టమని, ట్రాక్టరు పోవడానికి దారి కూడా లేదని అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి, పని మొదలుపెట్టారా అని. పని వాగు దారికి మారింది. మళ్లీ సభ పెట్టాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే తీర్మానంలో "గ్రామ శివారులోని ప్రభుత్వ స్థలం" అని ఉంది. వాగు దారి ముక్క కూడా గ్రామ శివారులోని ప్రభుత్వ స్థలమే కదా. ఎవరూ పుస్తకం దిద్దలేదు, పేజీ చింపలేదు. ఏ నిర్ణయానికైనా సరిపోయే వాక్యాన్ని నేనే ముందుగా తయారుచేసి పెట్టాను.

గుంతలు తవ్వాక వాగు దారి రైతులు పంచాయతీ ఆఫీసుకు వచ్చారు. "సారూ, మేం గుట్ట కింద అన్నం గదా, మరి ఏం రాసినవ్? ఒకసారి చదువు" అన్నాడొక పెద్దాయన. చదివాను. డిగ్రీ చదువుతున్న వాళ్ల కుర్రాడు పుస్తకం తన వైపు తిప్పుకుని మళ్లీ చదివాడు. తర్వాత సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ నకలు, హాజరు పేజీల నకలు అడిగాడు. ఆ నకళ్లు జతచేసి జిల్లాకు ఫిర్యాదు పెట్టారు. విచారణకు డివిజనల్ పంచాయతీ అధికారి వచ్చాడు.

నేను తీర్మానం గురించి ఏం జవాబు చెప్పాలో అనుకుంటూ కూర్చుంటే, ఆయన తీర్మానం వైపే చూడలేదు. నేరుగా సంతకాల పేజీలు తీశాడు.

ఇక్కడ కోరం సంగతి చెప్పాలి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఊళ్లో ఎంతమంది ఓటర్లు ఉంటే దాన్నిబట్టి కోరం ఉంటుంది. వెయ్యి దాటి మూడు వేల లోపు ఓటర్లున్న ఊరికి 150 మంది. మా ఊరు ఆ లెక్కలోకే వస్తుంది. నాట్లప్పుడు, కోతలప్పుడు 150 మందిని ఒకచోట కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఊళ్లో ఉన్నవాళ్లకు తెలుసు. ఆ రోజు వచ్చింది డెబ్బై ఎనభై మంది. మిగతావి మర్నాడు కారోబార్ పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తెచ్చిన సంతకాలు. తిప్పమన్నది నేనే. అంతకుముందు నుంచీ అందరూ అట్లాగే చేస్తున్నారు, అందులో తప్పేముంది అనుకున్నాను. ఎవరి హక్కూ పోవడం లేదు, ఎవరి డబ్బూ తినడం లేదు, ఉత్త సంఖ్యే కదా అన్నది నా సమాధానం.

అధికారి వేలు పెట్టి ఒక పేరు చూపించాడు. ఫిర్యాదులోనే రాసి ఉంది, ఆ పేరు గల మనిషి దుబాయిలో ఉన్నాడని. అన్న పేరు మీద తమ్ముడు సంతకం పెట్టాడు. ఇంకో సంతకం అంగన్‌వాడీ టీచరుది. ఆమె సభకు వచ్చిన మాట నిజమే కానీ ఆమె ఓటు వేరే ఊళ్లో ఉంది. ఒక పేజీలో వరుసగా ఉన్న నిశానీలన్నీ ఒకే వేలివిలాగా ఉన్నాయి. నేను వాటిని ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదు.

అధికారి నన్ను తిట్టలేదు. "రాని మనిషి వచ్చిండని రాసినవ్. మరి గుట్ట కింద అన్నరని నువ్వు ఇప్పుడు నోటితో చెప్తే ఎట్ల నమ్మాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాకు మెమో వచ్చింది, అది పెద్ద విషయం కాదు. నిజంగా సభకు వచ్చి, ఎండలో కూర్చుని, గుట్ట కింద పెట్టమని అడిగిన ఆ డెబ్బై ఎనభై మంది మాట కూడా దొంగ సంతకాలతో కలిసి చెల్లకుండా పోయింది. సంఖ్య ఉత్త సంఖ్య కాదని నాకు అర్థమైంది అక్కడ.

ఇప్పుడు హాజరు ఎట్లా తీస్తానో చెప్తాను. గ్రామసభ అంటే రాజ్యాంగం ప్రకారమే ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ల సభ. కాబట్టి ఓటర్లకు ఒక పట్టిక, అధికారులకూ సిబ్బందికీ వేరే పట్టిక. రెండోదాన్ని కోరంలో కలపను. ఓటర్ల పట్టికలో వరుస సంఖ్య, పేరు, ఇంటి నంబరు, వచ్చిన సమయం, సంతకం ఉంటాయి. పేరు ముందు నేనో కారోబారో రాస్తాం, సంతకం ఆ మనిషి చేస్తాడు. నిశానీ వేసేవాళ్లది ఎడమ బొటనవేలు. పక్కనే "ఫలానావారి నిశానీ" అని రాసి, ఆ మనిషిని ఎరిగిన ఒకరి సంతకం తీసుకుంటాను. సభ ముగిశాక ఆఖరి సంతకం కింద అడ్డగీత గీసి, మొత్తం ఎంతమంది, అందులో మహిళలు ఎంతమంది అన్నది అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాను. మిగిలిన ఖాళీ మీద ఏటవాలుగా గీత కొట్టేస్తాను. ఆ గీత కిందే సర్పంచ్, నేను, సభకు వచ్చిన ఇద్దరు సంతకాలు చేస్తాం. ఈ పని జనం ఇంకా అక్కడ ఉండగానే అయిపోవాలి. పుస్తకం ఒక్కసారి ఆఫీసుకు చేరి, ఆ ఖాళీ అట్లాగే ఉంటే, మర్నాడు ఎవరో ఒకరు దాన్ని నింపమంటారు. అడిగేవాడు చెడ్డవాడే అయి ఉండాల్సిన అవసరం లేదు.

కోరం రాని రోజు కూడా వస్తుంది. ఒకసారి "హాజరు 96, కోరం 150, కోరం లేనందున సభ వాయిదా" అని రాశాను. సాయంత్రం మండలం నుంచి ఫోను వచ్చింది. అందరి ఊళ్లలో సభ అయింది, నీ ఒక్క ఊళ్లోనే కాలేదా అని. పక్క ఊళ్ల సంగతి నాకెందుకు గానీ, వచ్చినవాళ్లను వచ్చినట్టే రాశాను అన్నాను. అంతటి ధైర్యం నాకు పుట్టుకతో లేదు, మెమో ఇచ్చింది. వాయిదా పడినా ఆ 96 మంది అర్జీలు మాత్రం తీసుకున్నాను. తీర్మానానికి కోరం కావాలి గానీ, ఒక మనిషి కష్టం రాసుకోవడానికి ఎందుకు?

విచారణ తర్వాత యార్డు మీద మళ్లీ సభ పెట్టమన్నారు. అప్పటికి వాగు దారిలో షెడ్డు కూడా లేచింది, కట్టినదాన్ని కూల్చడం జరిగే పని కాదు. ఆ రెండో సభ మినిట్స్ నేను సరిగా రాసిన మొదటి మినిట్స్. దాన్ని కొంచెం వివరంగా చెప్తాను.

అంశం కింద మొదట ప్రతిపాదన రాశాను: సర్వే నంబరు 87లో కట్టిన షెడ్డులో పొడి చెత్త మాత్రమే వేరుచేయాలి, తడి చెత్త అక్కడికి పోకూడదు, దాన్ని నర్సరీ పక్కన కంపోస్టు గుంతల్లో వేయాలి. ప్రతిపాదించింది ఎవరో వార్డు సభ్యుడి పేరుతో రాశాను. తర్వాత అభ్యంతరం: వానాకాలంలో షెడ్డు మీదుగా పారే నీళ్లు తమ బావుల్లోకి దిగుతాయని వాగు దారి రైతులు అన్నారు. తర్వాత జవాబు: షెడ్డుకు పల్లం వైపు మట్టికట్ట పోసి నీటిని పక్కకు మళ్లిస్తామని టెక్నికల్ అసిస్టెంట్ చెప్పారు. అతని పేరు కాదు, హోదా రాశాను. మనిషి రేపు బదిలీ అయిపోతే మాట హోదాకే ఉండాలి. తర్వాత లెక్క: చేతులెత్తమంటే అనుకూలం 131, వ్యతిరేకం 22, ఎత్తనివాళ్లు 15. మొత్తం హాజరు 168తో ఇది సరిపోయింది. సరిపోకపోతే ఎవరో మధ్యలో లేచిపోయారన్నమాట, అప్పుడు ఆ సంగతీ రాయాలి. ఆఖరున నిర్ణయం, దానికి బాధ్యులు, గడువు. కట్ట పోయించాల్సింది ఎవరు, ఏ పద్దు నుంచి, వచ్చే సభ లోపల.

ఒక్కో అంశం రాయగానే మైకులో చదివాను. సభ చివర అంతా ఒకేసారి చదవడం అప్పటికే ఒకసారి చూసి వదిలేశాను, అప్పటికి వినేవాళ్లు ఉండరు. ఒక్కో అంశం అవగానే చదివితే జనం దిద్దుతారు. ఆ రోజు కట్ట ఎటు వైపు అన్నది నేను తప్పు రాస్తే, ఒక రైతు అక్కడికక్కడే "తూర్పు కాదు సారూ, దక్షిణం" అన్నాడు. తప్పు మాట మీద ఒకే గీత గీసి, కింది మాట కనపడేట్టుగానే ఉంచి, పక్కన సరైనది రాసి పొట్టి సంతకం పెట్టాను. వైట్నర్ పూస్తే లేని అనుమానం వస్తుంది.

కట్ట గడువులోపల పడలేదు. కానీ తర్వాతి సభలో మొదటి అంశం అదే అయింది, ఎందుకంటే గత సభ నిర్ణయాలు ఏమయ్యాయో చదవనిదే కొత్త అంశంలోకి పోను. ఎందుకు పడలేదో టెక్నికల్ అసిస్టెంట్ లేచి చెప్పాల్సి వచ్చింది, అదీ రాశాను. వానల ముందు కట్ట పడింది.

ఇక ఫిర్యాదులు. ఇందులో నన్ను ఏ అధికారీ పట్టుకోలేదు, అందుకే ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. పాత మినిట్స్‌లో ప్రతి సభ చివరా ఇట్లా ఉంటుంది: "ప్రజలు తాగునీరు, వీధి దీపాలు, పింఛన్ల సమస్యలను సభ దృష్టికి తీసుకురాగా, సంబంధిత అధికారుల దృష్టికి తీసుకెళ్లుటకు నిర్ణయించడమైనది." ఒక సభ నుంచి ఇంకో సభకు మక్కీకి మక్కీ దించిన వాక్యం. అజెండా రాసేటప్పుడే ఇదీ రాసేసిన రోజులున్నాయి, అంటే ఎవరూ నోరు తెరవకముందే.

ఎస్సీ వాడ చివరన ఉండే ఒక అవ్వ ప్రతి సభకూ వచ్చేది. మిషన్ భగీరథ నల్లా తన ఇంటికి వచ్చింది కానీ నీళ్లు రావడం లేదని చెప్పేది. ప్రతిసారీ నేను తల ఊపేవాణ్ని. ఒకసారి ఆ నీళ్ల పనులు చూసే ఇంజనీరు ఊరికి వచ్చాడు, అవ్వ ఇంటి సంగతి నేనే చెప్పాను. అతను అడిగినవి మామూలు ప్రశ్నలే: ఎప్పటి నుంచి, ఎన్ని ఇండ్లకు, అసలే రావడం లేదా, ఒక పూట వచ్చి ఆగుతున్నాయా, ఇంతకుముందు రాసి ఇచ్చారా? నాకు ఒక్కదానికీ జవాబు తెలియదు. పుస్తకం తెరిస్తే ప్రతి సభలోనూ "తాగునీరు" అని ఉంది, అవ్వ ఎక్కడా లేదు. ముందు నుంచీ ఫిర్యాదు ఉన్నట్టు లేదు కదా అని ఇంజనీరు అన్నాడు. పుస్తకాన్ని బట్టి చూస్తే అతనిది న్యాయమే.

అప్పటి నుంచి ఫిర్యాదులకు వేరే రిజిస్టరు పెట్టాను. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు. ఇద్దరు ఒకే సంగతి చెప్పినా రెండు నంబర్లు వేస్తాను, ఎందుకంటే నల్లా రాని ఇండ్లు ఎన్ని అన్నది ఆ నంబర్లే చెప్తాయి. చెప్పినవాళ్ల మాటల్లోనే రాస్తాను, ఆఫీసు భాషలోకి మార్చను. "నీటి సరఫరాలో అంతరాయం" అని రాస్తే ఏ ఇంజనీరూ ఏ వాల్వూ తిప్పలేడు. "నెలకింద నుంచి మా వరుసల నాలుగిండ్లకు చుక్క రాలే, మీది వరుసలకు వస్తున్నయ్" అని రాస్తే ఆ రెండు వరుసల మధ్య ఏదో ఉందని అతనికి అప్పుడే తెలుస్తుంది. అవ్వ విషయంలో అదే అయింది. పై వరుసలో కొందరు నల్లాకు మోటార్లు బిగించి లాగుతున్నారని తేలింది. అక్కడికక్కడ ఇచ్చిన జవాబు, ఏ ఆఫీసుకు పంపాను, ఏ తేదీన పంపాను అన్నవి పక్క గళ్లలో ఉంటాయి. చెప్పినవాళ్ల చేతిలో నంబరు రాసిన చీటీ పెడతాను. మళ్లీ సభకు వచ్చినప్పుడు కథంతా మొదటి నుంచి చెప్పనక్కర్లేదు, చీటీ చూపిస్తే చాలు.

పంచాయతీ తీర్చగలిగినవీ, పైకి పంపడం తప్ప చేయగలిగిందేమీ లేనివీ విడదీసి రాయడం కూడా అవసరం. వీధి దీపం మాది, దానికి గడువు వేస్తాను. రేషన్ కార్డు మాది కాదు, దానికి "పంపాం" అని తేదీ మాత్రమే వేస్తాను. 2025 జనవరిలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇండ్ల జాబితాలు చదివిన గ్రామసభల్లో ఈ తేడా బాగా పనికొచ్చింది. జాబితాలో పేరు లేదని జనం కోపంగా ఉన్నప్పుడు "పరిశీలిస్తాం" అని రాస్తే ఆశ పెట్టినట్టవుతుంది. ఎవరి పేరు లేదు, వాళ్లేం కారణం చెప్పారు, దరఖాస్తు తీసుకున్నామా లేదా, అంతవరకే రాశాను.

ఆరోపణలు వచ్చినప్పుడు చెయ్యి ఇంకా నెమ్మదించాలి. ఫలానావాడు బిల్లు తిన్నాడని ఎవరైనా లేస్తే, "ఫలానా పనిలో బిల్లుకూ కొలతకూ తేడా ఉందని ఒకరు ఆరోపించారు, కొలతల పుస్తకం చూపాలని కోరారు" అని రాస్తాను. తిన్నాడని నేను రాయకూడదు, ఆరోపించలేదని కూడా రాయకూడదు.

ఇంకా తేలనిది ఒకటుంది. యార్డు మీద పెట్టిన రెండో సభలో వ్యతిరేకంగా చేతులెత్తిన ఆ 22 మంది పేర్లు మొదట మినిట్స్‌లో రాశాను. స్పష్టంగా ఉండాలన్న కొత్త ఉత్సాహం. ఆ రాత్రి వాళ్లలో ఒకతను మా ఇంటికి వచ్చి, తన పేరు తీసేయమని బతిమాలాడు. అతని ఇంటి బిల్లు అప్పుడే సర్పంచ్ దగ్గర ఆగి ఉంది. అందరి ముందూ చదివి, సంతకాలైన పేజీ అది. తీస్తే మళ్లీ పాత తోవలోకే పోయినట్టు, ఉంచితే అతనికి నష్టం. తీయలేదు. అతని బిల్లు కొన్నాళ్లు ఆలస్యమైంది, నా వల్లనేనా అన్నది నాకు తెలియదు. ఆ తర్వాతి సభల నుంచి వ్యతిరేకించినవాళ్ల సంఖ్య, కారణం మాత్రమే రాస్తున్నాను. "నా పేరు రాయి" అని నిలబడి అడిగినవాళ్ల పేరు మాత్రం రాస్తాను. ఇట్లా రాస్తే రేపు ఎవరైనా "ఆ 22 మంది ఎవరు, నువ్వే కల్పించావు" అనవచ్చు. అందుకని చేతులెత్తినప్పుడు వెనక నుంచి, మొహాలు పడకుండా ఒక ఫోటో తీసి ఫైల్లో పెడుతున్నాను.